మెడికల్ మోడల్, సోషల్ మోడల్: స్కూల్లో, ఆఫీసులో తేడా ఎక్కడ కనిపిస్తుంది?

ప్రశ్న: బీఎడ్‌లో ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ పేపర్‌కి మెడికల్ మోడల్, సోషల్ మోడల్ చదువుతున్నా. డెఫినిషన్లు బట్టీ వచ్చేశాయి గానీ నిజంగా ఒక స్కూల్లోనో ఆఫీసులోనో చూస్తే ఏది ఏదో పట్టుకోలేకపోతున్నా. సోషల్ మోడల్ అంటే డాక్టర్లు, ట్రీట్‌మెంటు వద్దనడమేనా? ఫీల్డ్‌లో పనిచేసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

జవాబు:

వద్దనడం కాదండి, ముందు ఆ అనుమానం తీసేయండి. ఈ రెండిటికీ తేడా ట్రీట్‌మెంటు దగ్గర లేదు, ఇబ్బందికి కారణం ఎక్కడ వెతుకుతున్నాం అన్న దగ్గర ఉంది. ఒక పిల్లకి పాఠం అందట్లేదనుకోండి, మెడికల్ మోడల్ "పిల్ల చెవికి ఏమైంది?" అని అడిగి అక్కడితో ఆగిపోతుంది. సోషల్ మోడల్ చెవి సంగతి తెలుసుకున్నాక "మరి ఈ క్లాసు నడిచే పద్ధతిలో ఆ పిల్లకి అడ్డుపడుతున్నదేంటి?" అని ఇంకో ప్రశ్న అడుగుతుంది. మొదటిదానికి జవాబు డాక్టరు చెప్తారు, రెండోదానికి టీచరు, హెచ్‌ఎం, మేనేజరు, పేపర్ సెట్ చేసేవాళ్ళు చెప్పాలి, చెప్పాక తమ పద్ధతి మార్చుకోవాలి కూడా. అందుకే చాలా చోట్ల ఆ రెండో ప్రశ్న దాకా ఎవరూ వెళ్ళరు.

నేను మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే భవిత సెంటర్లో స్పెషల్ ఎడ్యుకేటర్‌గా చాలా ఏళ్ళు చేశాను, ఇప్పుడు వికలాంగ ఉద్యోగులకి ఆఫీసుల్లో పని ఎలా అమర్చాలో చూసే పని చేస్తున్నా. రెండు చోట్లా చూసినవే చెప్తాను.

ముందు ఇది ఎక్కడిదో రెండు ముక్కలు. 1976లో బ్రిటన్‌లో యూపీఐఏఎస్ అని వికలాంగులే నడుపుకున్న ఒక సంఘం, ఒంట్లో ఉన్న లోపం ఒకటి, ఆ లోపం ఉన్నవాళ్ళని సమాజం బయట నిలబెట్టడం ఇంకొకటి, ఈ రెండోదే డిజెబిలిటీ అని రాసింది. దానికి 1983లో సోషల్ మోడల్ అని పేరు పెట్టింది మైక్ ఆలివర్. ఆయన సోషియాలజిస్టు, చిన్న వయసులోనే వెన్నెముక దెబ్బతిని వీల్‌చెయిర్లో ఉన్న మనిషి. ఆయన చేసిన ఒక పని మీకు డెఫినిషన్ల కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. అప్పట్లో బ్రిటన్ ప్రభుత్వం వికలాంగుల మీద సర్వే చేస్తూ అడిగిన ప్రశ్నల్ని తీసుకుని ఒక్కోదాన్నీ తిరగేసి రాశాడు. "మీ ఆరోగ్య సమస్య వల్ల స్పెషల్ స్కూల్‌కి వెళ్ళారా?" అని ఉంటే, "మీలాంటివాళ్ళని స్పెషల్ స్కూల్‌కి పంపాలన్న విద్యాశాఖ పాలసీ వల్ల వెళ్ళారా?" అని మార్చాడు. "మీ ఆరోగ్యం వల్ల మీ ఉద్యోగానికి ఇబ్బంది ఉందా?" అనేదాన్ని "పనిచేసే చోటు వల్ల, అక్కడివాళ్ళ తీరు వల్ల ఇబ్బంది ఉందా?" అని అడిగాడు. మనిషి అదే, ఇబ్బంది అదే, కానీ మొదటి ప్రశ్నకి జవాబు చెప్పేవాడు తన ఒంటిని చూసుకుంటాడు, రెండో ప్రశ్నకి చుట్టూ చూస్తాడు. మీరు స్కూల్లో ఏ మోడల్ నడుస్తోందో తెలుసుకోవాలంటే అక్కడ ఏ ప్రశ్న అడుగుతున్నారో వినండి, చాలు.

స్కూల్ కేసు ఒకటి పూర్తిగా చెప్తా. ఒక జడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి అమ్మాయి, రెండు చెవులకీ వినికిడి బాగా తక్కువ, కానీ మాట వచ్చు. క్యాంపులో హియరింగ్ ఎయిడ్లు ఇచ్చారు, ఫోటో తీశారు, రిజిస్టర్లో రాశారు. తర్వాత ఆ స్కూల్ నుంచి నాకు వచ్చిన కంప్లయింటు ఏంటంటే "మేడమ్, మిషన్ ఇచ్చినా పెట్టుకోదు, పాఠం వినదు, మొండి పిల్ల" అని.

పిల్లని కూర్చోబెట్టి అడిగితే మిషన్ కుయ్ మని కూస్తోంది అంది. అది ఎందుకు వస్తుందంటే, చెవిలో పెట్టే మౌల్డ్ ఉంటుంది కదా, పిల్లలు పెరిగేకొద్దీ చెవి పెరుగుతుంది, మౌల్డ్ వదులైపోతుంది, మిషన్లోంచి వచ్చే సౌండు ఆ సందులోంచి బయటికి లీకై మళ్ళీ మైకులోకి వెళ్ళి కూత పెడుతుంది. కొత్త మౌల్డ్ చేయించాలి. బ్యాటరీ కూడా అయిపోయింది, ఆ చిన్న బటన్ బ్యాటరీలు రోజంతా వాడితే ఒకటి రెండు వారాలకే మార్చాలి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇదంతా మెడికల్ పనే, ఇది జరగాల్సిందే. జిల్లా కేంద్రానికి పంపి మౌల్డ్ చేయించాం, బ్యాటరీలు ఎక్కడ కొనాలో వాళ్ళ నాన్నకి చూపించాం.

అది అయ్యాక కూడా క్లాసులో మార్పు పెద్దగా లేదు. అప్పుడు నేను వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నా. క్లాసులో యాభై మంది దాకా పిల్లలు, గోడలన్నీ సిమెంటు, పైన రెండు ఫ్యాన్లు గడగడమంటున్నాయి, పక్క క్లాసులో ఎక్కాలు అరుస్తున్నారు. హియరింగ్ ఎయిడ్ టీచరు గొంతు ఒక్కటే పెంచదండి, ఫ్యాన్నీ, బెంచీ జరిపిన శబ్దాన్నీ, ఎక్కాల్నీ అన్నిటినీ పెంచుతుంది. టీచరు ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉంటే బాగా పనిచేస్తుంది, గది ఆ చివరికి వెళ్తే గొంతు ఆ గోలలో కలిసిపోతుంది. అందుకని పిల్ల పెదాలు చూసి అర్థం చేసుకుంటోంది. కానీ సైన్స్ సార్ బోర్డు మీద బొమ్మ గీస్తూ వెనక్కి తిరిగే పాఠం చెప్తారు. అంటే పాఠంలో ముఖ్యమైన భాగం అంతా ఆ పిల్లకి ఆయన వీపు!

ఇంక తెలుగు డిక్టేషన్ చూడండి. ప, బ, మ ఈ మూడూ పెదాల మీద ఒకేలా ఉంటాయి. అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా పాట, బాట, మాట అనండి, మీకే తేడా తెలీదు. ఆ పిల్ల "బాట" అని చెప్తే "మాట" అని రాసింది, స్పెల్లింగ్ రాదని పదికి మూడు వేశారు. ఆ టెస్టు కొలిచింది స్పెల్లింగ్ కాదు, పెదాలు చదవడాన్ని!

మార్చినవి ఖర్చు లేనివే. పిల్లని రెండో వరసలో గోడవైపు చివర, కాస్త మెరుగైన చెవి క్లాసు వైపు ఉండేలా కూర్చోబెట్టాం. మొదటి వరస ఎందుకు కాదంటే అక్కడైతే టీచరు మొహం కోసం మెడ ఎత్తాలి, వెనక పిల్లలు జవాబు చెప్తుంటే ఎవరు మాట్లాడుతున్నారో తెలీదు. సైన్స్ సార్ రాసేటప్పుడు మాట ఆపి, తిరిగాక చెప్పడం మొదలుపెట్టారు, మొదట్లో మర్చిపోయేవారు, పక్క పిల్లలే "సార్ ఇటు తిరగండి" అనేవాళ్ళు. పాఠంలో వచ్చే కొత్త మాటలు ముందు రోజే కాగితం మీద ఇచ్చాం, ఎందుకంటే తెలిసిన మాటని పెదాల మీద పట్టుకోవడం సులువు, తెలియని మాటని ఎవరూ పట్టుకోలేరు. డిక్టేషన్‌లో విడి మాట బదులు ఆ మాట ఉన్న వాక్యం చెప్పమన్నాం. "బాట మీద ముళ్ళున్నాయి" అంటే ఇంక "మాట" అని రాయదు కదా. ఆ ఏడాది ఆ పిల్ల సైన్స్‌లో పాసైంది, వినికిడి పరీక్ష ఆడియోగ్రామ్ మాత్రం అదే గీత, ఒక్క డెసిబెల్ మారలేదు. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇది మాట వచ్చిన పిల్ల సంగతి. పుట్టుకతో అసలు వినపడని, సైగల్లో పెరిగిన పిల్లకి ఈ సర్దుబాట్లు చాలవు, ఇండియన్ సైన్ లాంగ్వేజ్ వచ్చిన టీచరు ఉండాలి. అక్కడ ముందు వరసలో కూర్చోబెట్టి ఇన్‌క్లూజన్ అయిపోయిందనుకుంటే ఆ పిల్లకి అన్యాయమే.

అడ్డంకి ఒక్కోసారి క్లాసులో ఉండదు, రూల్లో ఉంటుంది. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా సంగతి మీకు తెలిసే ఉంటుంది. పదో తరగతి మంచి మార్కులతో పాసైతే, చూపు లేదు కాబట్టి ఇంటర్‌లో సైన్స్ ఇవ్వం అన్నారు. కోర్టుకెళ్ళి తెచ్చుకున్నాడు, పుస్తకాలన్నీ ఆడియో చేయించుకుని 98 శాతం తెచ్చుకున్నాడు, తర్వాత ఎంఐటీలో చదివాడు. ఆయన చూపు మొదటి రోజు ఎంతో చివరి రోజూ అంతే. మారింది పర్మిషను, పుస్తకం రూపం.

ఇంక సర్టిఫికెట్ సంగతి, మీ పేపర్లో దీని మీద తప్పకుండా అడుగుతారు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం రెండు మోడళ్ళనీ ఒకే చోట పెట్టుకుంది. వికలాంగులంటే ఎవరు అని చెప్పే చోట, దీర్ఘకాలం ఉండే లోపం, చుట్టూ ఉన్న అడ్డంకులు కలిసి మిగతావాళ్ళతో సమానంగా పాల్గొననివ్వని వ్యక్తి అని ఉంది, అంటే ఇది సోషల్ మోడల్ మాట. రిజర్వేషన్ దగ్గరికి వచ్చేసరికి వైకల్యం 40 శాతం ఉండాలి, ఆ సర్టిఫికెట్ మెడికల్ అథారిటీ ఇవ్వాలి, అది మెడికల్ మోడల్. మనవాళ్ళకి సదరం క్యాంపు అంటే తెలిసేది ఆ రెండోదే. ఆ శాతం పెన్షన్‌కీ, రిజర్వేషన్‌కీ ఎవరు అర్హులో తేల్చడానికి కావాలి, దాన్ని నేను తప్పుపట్టను, ఏదో ఒక గీత లేకపోతే అసలైనవాళ్ళకి అందదు. కానీ ఆ అంకె పట్టుకుని "ఈ పిల్లకి క్లాసులో ఏం కావాలి" అన్నది తేల్చలేరు. 60 శాతం అని రాసిన ఇద్దరు పిల్లల్లో ఒకరికి పెద్ద అక్షరాలు చాలు, ఇంకొకరికి స్క్రైబ్, అంటే చెప్తుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి కావాలి.

దీని మీద సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఒక మంచి తీర్పు ఇచ్చింది. సివిల్స్ రాసే ఒక అభ్యర్థికి రైటర్స్ క్రాంప్ ఉంది, అంటే పెన్ను పట్టుకుని రాయబోతే చెయ్యి బిగుసుకుపోతుంది. స్క్రైబ్ అడిగితే 40 శాతం లేదు కాబట్టి ఇవ్వం అన్నారు. కోర్టు ఏమందంటే 40 శాతం గీత చట్టంలో కొన్ని ప్రత్యేక ప్రయోజనాలకే పెట్టారు, పరీక్ష రాయడానికి కావాల్సిన సర్దుబాటుకి దాన్ని అడ్డం పెట్టకూడదు అని. ఆ తర్వాత 2022లో 40 శాతం కన్నా తక్కువ ఉండి రాయడం కష్టమైనవాళ్ళకీ స్క్రైబ్ ఇచ్చే గైడ్‌లైన్స్ వచ్చాయి. గమనించండి, అక్కడ కూడా రాయడం కష్టమని డాక్టరే సర్టిఫై చెయ్యాలి. కాకపోతే డాక్టరుని అడిగే ప్రశ్న మారింది, "ఎంత శాతం?" పోయి "ఈ పని చెయ్యడం ఈయనకి కష్టమా?" అని వచ్చింది.

ఇప్పుడు ఆఫీసు. ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు, రెటినైటిస్ పిగ్మెంటోసా వల్ల సర్వీసులో ఉండగా మెల్లగా చూపు పోయింది. ఆఫీసు ముందు చేసిన పని మెడికల్ బోర్డుకి పంపడం, బోర్డు 100 శాతం అని రాసింది, అంతటితో ఆయనకి పని ఇవ్వడం ఆపేశారు. ఉద్యోగం తీసెయ్యలేదు, తీసెయ్యకూడదు కూడా, సర్వీసులో వైకల్యం వచ్చినవాళ్ళని తొలగించకూడదని చట్టంలో 20వ సెక్షన్ చెప్తుంది. కానీ కుర్చీ ఇచ్చి జీతం ఇచ్చి "మీరు రెస్ట్ తీసుకోండి సార్" అనేవాళ్ళు. వాళ్ళు దయ అనుకునే చేశారు, ఆయన మాత్రం రోజూ పొద్దున్నే తయారై వచ్చి సాయంత్రం దాకా ఖాళీగా కూర్చోవడానికి చితికిపోయాడు.

నన్ను పిలిచాక మేం చేసింది, ఆయన పోస్టులో ఉన్న పనులన్నీ ఒక్కొక్కటీ విడదీసి రాయడం. వచ్చిన సర్క్యులర్లు చదవడం, డ్రాఫ్టులు తయారుచెయ్యడం, ఫైలు మీద నోట్ రాయడం, ఫోన్లు, కాగితాల మీద స్టాంపులు సంతకాలు సరిచూడటం. ఒక్కోదాని పక్కనా ఆపుతున్నదేంటి అని రాశాం. ఆయన కంప్యూటర్లో ఎన్‌వీడీఏ వేశాం, అది ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్, తెలుగు కూడా చదువుతుంది. సర్క్యులర్ తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు చదవడం మొదలుపెట్టింది! ఆఫీసువాళ్ళు "చూశారా, తెలుగు చదవదు" అన్నారు.

సంగతేంటంటే ఆ సర్క్యులర్ పాత డీటీపీ ఫాంట్లో టైప్ చేసింది, యూనికోడ్ కాదు. ఆ ఫాంట్లలో ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లే, ఫాంట్ వాటికి తెలుగు ఆకారం తొడుగుతుంది అంతే. కళ్ళతో చూసేవాళ్ళకి అది తెలుగు, స్క్రీన్ రీడర్‌కి గజిబిజి. అదే సర్క్యులర్ని యూనికోడ్‌లో మళ్ళీ టైప్ చేయించి తెరిస్తే ఆయన విని, పక్కవాళ్ళకన్నా ముందే జవాబు డ్రాఫ్ట్ చేశాడు. అదే మనిషి, అదే కళ్ళు, అదే విషయం, ఒక ఫైల్ ముందు ఏ పనీ చెయ్యలేడు, ఇంకో ఫైల్ ముందు పూర్తి ఉద్యోగి. సోషల్ మోడల్‌కి నేను చూపించగలిగిన సాక్ష్యాల్లో ఇంతకన్నా గట్టిది లేదు. మెడికల్ బోర్డు ఎంత నిజాయితీగా పరీక్ష చేసినా ఇది దానికి దొరకదు, ఎందుకంటే కారణం ఆయన కంట్లో లేదు.

అన్నీ ఇలా తేలిపోలేదు లెండి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఫోటోలే కాబట్టి ఓసీఆర్ పెట్టి అక్షరాలుగా మార్చాలి, ప్రింటైనవైతే ఫర్వాలేదు, పై అధికారులు చేత్తో రాసిన నోట్ అయితే ఓసీఆర్ చేతులెత్తేస్తుంది. దానికి రోజూ ఒక గంట ఒక సహోద్యోగి చదివి పెట్టేలా ఏర్పాటు చేశాం. స్టాంపులు, సంతకాలు సరిచూసే పని ఆయన చెయ్యలేడు, అది ఇంకొకరికి ఇచ్చి వాళ్ళ డ్రాఫ్టింగ్, ఫోన్ల పని ఆయన తీసుకున్నాడు. చట్టం చెప్పే సమంజసమైన సర్దుబాటు అంటే ఇలా పని వారీగా చూసుకోవడమే. కొన్నాళ్ళకి ఇంకో సెక్షన్ నుంచి మళ్ళీ పాత ఫాంట్లో ఫైళ్ళు రావడం మొదలైంది, మళ్ళీ లెటర్ రాయించాల్సి వచ్చింది. ఇలాంటివి ఒకసారి చేసి వదిలేస్తే జారిపోతాయి.

ఆర్టీసీ డ్రైవర్ కేసు కూడా చూడండి, ఇది పబ్లిక్ రికార్డులో ఉన్నదే. 2014లో డ్రైవరుగా చేరిన ఒకాయనకి తర్వాత కలర్ బ్లైండ్‌నెస్ అని తేలింది, అన్‌ఫిట్ అని రిటైర్ చేసేశారు. ఆయన వేరే పని ఏదైనా ఇవ్వమని అడిగాడు, ఇవ్వలేదు. 2025లో సుప్రీంకోర్టు ఆయనకి సరిపోయే వేరే పోస్టు అదే పే గ్రేడ్‌లో ఇవ్వమంది, ఆర్టీసీ యూనియన్లతో 1979లో చేసుకున్న ఒప్పందంలోనే అలాంటి డ్రైవర్లకి వేరే ఉద్యోగం ఇవ్వాలని ఉందని గుర్తుచేసింది. ఇక్కడ డాక్టరు చెప్పింది తప్పు కాదు, బస్సు నడిపేవాళ్ళ చూపు పరీక్షించకుండా ఎలా కుదురుతుంది? తప్పు ఎక్కడంటే "బస్సు నడపలేడు" అన్న డాక్టరు మాటని "ఆర్టీసీలో ఏ పనీ చెయ్యలేడు" అని చదువుకోవడం. డిపోలో స్టీరింగ్ కాకుండా ఎన్ని పనులుంటాయి!

సోషల్ మోడల్‌కి హద్దు ఎక్కడ? నొప్పి దగ్గర, నీరసం దగ్గర, ముదిరే జబ్బుల దగ్గర. ఈ మాట బయటివాళ్ళు కాదు, 1990ల్లో జెన్నీ మోరిస్, లిజ్ క్రో లాంటి వికలాంగ స్త్రీలే గట్టిగా అన్నారు, అన్ని మెట్లూ తీసేసినా మా ఒంట్లో నొప్పి అలాగే ఉంటుంది, దాని గురించి మాట్లాడకపోతే ఎలా అని. నేను దీన్ని పూర్తిగా ఒప్పుకుంటా. ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాలల్లో సికిల్ సెల్ అనే రక్తకణాల జబ్బు ఉన్న పిల్లల్ని చూడండి. 2016 చట్టం ఇచ్చిన 21 వైకల్యాల లిస్టులో సికిల్ సెల్ ఉంది. నొప్పి క్రైసిస్ వచ్చిన పిల్లకి కావాల్సింది ముందు ఆస్పత్రి, నీళ్ళు, నొప్పి తగ్గే మందు, డాక్టరు రాస్తే రోజూ హైడ్రాక్సీయూరియా. అక్కడ "క్లాసు మార్చండి" అని కూర్చుంటే పిల్ల ప్రాణం మీదకొస్తుంది.

అయితే క్రైసిస్‌ని రెచ్చగొట్టేవి ఏంటో చూడండి, ఒంట్లో నీళ్ళు తగ్గడం, చలి, ఒళ్ళు హూనమయ్యేలా పరిగెత్తడం. హాస్టల్లో తెల్లారి చన్నీళ్ళ స్నానం, క్లాసు మధ్యలో నీళ్ళు తాగనివ్వకపోవడం, బాత్రూమ్‌కి పదేపదే వెళ్తోందని తిట్టడం, పీటీ పీరియడ్‌లో అందరితో పాటు రౌండ్లు కొట్టించడం, ఆస్పత్రిలో ఉన్న రోజులకి ఆబ్సెంట్ వేసి అటెండెన్స్ చాలదనడం, ఇవన్నీ స్కూల్ చేతిలో ఉన్నవే. జబ్బు డాక్టరు చూసుకోవాలి, ఈ లిస్టు హెచ్‌ఎం, వార్డెన్ చూసుకోవాలి. డబ్ల్యూహెచ్ఓ 2001లో తెచ్చిన ఐసీఎఫ్ అనే వర్గీకరణ కూడా ఒంటినీ చుట్టూ ఉన్న పరిస్థితినీ కలిపే చూడమంటుంది, మీ సిలబస్‌లో బయోసైకోసోషల్ అని ఉండేది అదే.

ఇంకో ప్రమాదం కూడా ఈమధ్య చూస్తున్నా. "మాది ఇన్‌క్లూజివ్ స్కూల్, పిల్లకి లేబుల్ వెయ్యం" అని చెప్పి అసలు పరీక్షే చేయించరు, స్పీచ్ థెరపీ ఆపేస్తారు, స్పెషల్ ఎడ్యుకేటర్‌ని తీసేస్తారు. అది సోషల్ మోడల్ పేరు చెప్పి ఖర్చు తగ్గించుకోవడం. నిజంగా అడ్డంకులు తీసే స్కూల్లో పనీ, ఖర్చూ ఎంతో కొంత పెరుగుతాయి.

మీరు టీచింగ్ ప్రాక్టీస్‌కి వెళ్ళినప్పుడు ఆ స్కూల్లో ప్రత్యేక అవసరాల పిల్ల ఐఈపీ, అంటే ఆ పిల్ల ఒక్కదాని కోసం రాసిన చదువు ప్లాన్, ఒకటి అడిగి తీసుకోండి, ప్రతి వాక్యంలో పని చేసేది ఎవరో గీత గీసి చూడండి. "పిల్ల మిషన్ పెట్టుకుంటుంది, పిల్ల శ్రద్ధగా వింటుంది, పిల్ల గట్టిగా చదువుతుంది" అని అన్నీ పిల్ల మీదే ఉంటే ఆ కాగితం మెడికల్ మోడల్లో రాసిందే, పైన ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ అని స్టాంపు ఉన్నా సరే. "సైన్స్ టీచరు కొత్త మాటల లిస్టు ముందు రోజు ఇస్తారు, తెలుగు టీచరు డిక్టేషన్ వాక్యాల్లో చెప్తారు, మౌల్డ్ సరిపోతోందో లేదో ఆర్నెల్లకోసారి భవిత సెంటర్ ఐఈఆర్‌పీ చూస్తారు" అని పెద్దవాళ్ళ పేర్లతో, తేదీలతో ఉంటే అది సోషల్ మోడల్. ఆఫీసుకి కూడా ఇదే పనిచేస్తుంది, హెచ్‌ఆర్ ఇచ్చిన సర్దుబాటు లెటర్లో ఉద్యోగి చెయ్యాల్సినవి ఎన్ని, ఐటీవాళ్ళు, మేనేజరు చెయ్యాల్సినవి ఎన్ని అని లెక్కపెట్టండి. ఆ ఐఈపీ దొరికితే పిల్ల పేరు కొట్టేసి ఇక్కడ పెట్టండి, లైన్ లైన్‌కీ నేను చూస్తా.